మతాల డిపార్ట్‌మెంటుకు నేను చేసిన పొదుపు

మా స్కూల్లో మతాల డిపార్ట్‌మెంటు అని ఒకటి పెట్టారు. దానికో హెడ్డును కూడా పెట్టారు. ఆ హెడ్డు తప్ప అందులో ఇంకో మనిషి లేదు. పాఠం చెప్పేదీ ఆవిడే, పేపరు దిద్దేదీ ఆవిడే, డిపార్ట్‌మెంటు మీటింగ్ అని ఒక్కత్తే కూర్చుని ఒక్కత్తే లేచేదీ ఆవిడే. అయినా తలుపు మీద బోర్డు మాత్రం ఇంగ్లీషులో నిలువెత్తున ఉంటుంది.

మా స్కూలు అంటున్నానని నేనేదో నడుపుతున్నాననుకోకండి. అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే దారిలో మావారు రాసిచ్చిన కొబ్బరితోటలో కట్టారు దాన్ని. ఆయన పోయాక కమిటీలో ఆయన కుర్చీ నాకిచ్చారు. ఐదో తరగతి పూర్తికాకుండా చదువు మానేసినదాన్ని, హైస్కూలు ఎలా నడవాలో చెబుతూంటాను. చదువుకున్నవాళ్ళు విని తలూపుతారు. తోటకున్న గౌరవం అలాంటిది.

రెండేళ్ళ కిందట మా కరస్పాండెంటుకు విదేశీ సిలబస్ మీద మనసు పడింది. ఇతను మా అక్కయ్య కొడుకు, రైస్‌మిల్లు ఓనరు. కువైట్ నుంచీ, దుబాయి నుంచీ తిరిగొచ్చినవాళ్ళు పిల్లల్ని అక్కడి పాత సిలబస్‌లోనే వేస్తామంటున్నారనీ, ఆ ఫీజులు రాజమండ్రి స్కూళ్ళకి పోతున్నాయనీ అతని బెంగ. ఆ సిలబస్‌లో అన్ని మతాల గురించీ చెప్పే సబ్జెక్టు ఒకటి ఉందట. మొక్కడం నేర్పడం కాదు, ఎవరు ఎలా మొక్కుతారో, ఎందుకు మొక్కుతారో తెలుసుకోవడం. దాని కోసం కాకినాడ నుంచి ఈ పంతులమ్మను తెచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త లేడు. కూతురు మా స్కూల్లోనే ఏడో తరగతి, స్టాఫు పిల్ల కాబట్టి ఫీజు లేదు. ఉద్యోగం ఒక్క ఏడాదికే ఇచ్చారు. ఏడాది చివర ఈ సబ్జెక్టు నిలబడితే ఆవిడ ఉంటుంది. లేకపోతే ఆ పీరియడ్లు లెక్కలకిచ్చేసి ఆవిడను పంపేస్తారు. తల్లితో పాటు పిల్ల సీటూ పోతుంది. ఇదంతా ప్రిన్సిపాల్ గారు మొదటి మీటింగ్‌లోనే నవ్వుతూ చెప్పారు. ఆయన ఏది చెప్పినా నవ్వుతూనే చెబుతారు.

జూలైలో ఆవిడ రాసిన ఉత్తరం కమిటీ ముందుకొచ్చింది. ఒక పరిమితి దాటిన ఖర్చుకు ప్రిన్సిపాల్ గారి సంతకం చాలదు, కమిటీ తీర్మానం ఉండాలి. ఉత్తరం మూడు పేజీలు. వెనక మూడు షాపుల కొటేషన్లు, వాటిని పక్కపక్కన పెట్టి చూపించే పట్టీ. తెలుగులోనే రాసింది, నా మీద దయతో. కావలసిన వస్తువు, ఎన్ని, ఏ పాఠానికి, ధర, అని గళ్ళు గీసింది. నేను చివరి గడి నుంచి చదవడం మొదలుపెట్టాను. నాకు అంకెలు బాగా వచ్చు.

భగవద్గీత తెలుగు తాత్పర్యంతో ఆరు. ఖురాన్ తెలుగు అనువాదం ఆరు, పెట్టుకుని చదివే చెక్క పీట ఒకటి. బైబిల్ పాత నిబంధన, కొత్త నిబంధన రెండూ ఉన్నది ఆరు. బుద్ధుడి ధమ్మపదం ఆరు. సిక్కుల చిన్న ప్రార్థన పుస్తకం రెండు, చుట్టి పెట్టడానికి శుభ్రమైన గుడ్డ. సిక్కుల పెద్ద గ్రంథం కొనకూడదనీ, దాన్ని వాళ్ళు సాక్షాత్తూ గురువుగా చూసుకుంటారనీ, దానికి గదీ సేవా ఉండాలనీ పక్కన రాసింది. సంతోషం, కనీసం ఒకటైనా కొననంటోంది అనుకున్నాను. తరవాత వస్తువులు. నమాజు చాప, జపమాలలు రెండు రకాలు, సిక్కుల కడియం, దువ్వెన, బౌద్ధులు చేత్తో తిప్పే ప్రార్థన చక్రం, గంట, హారతి పళ్ళెం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే పళ్ళెమూ గిన్నే. అన్నిటికీ చివర అద్దాల తలుపుల బీరువా, అయిదు అరలు, తాళంతో సహా.

ఆవిణ్ణి లోపలికి పిలిచారు.

"ఆరేసి ఎందుకమ్మా? క్లాసుకొకటి చాలదూ?" అన్నాను.

"ఇరవై నలుగురు పిల్లలండి మామ్మగారూ. నలుగురికొకటి పడుతుందండి. ఒక్కటే పుస్తకం పెట్టుకుని నేను చదువుతూంటే వాళ్ళు కిటికీలోంచి కొబ్బరికాయలు లెక్కపెడతారండి."

"లెక్కపెట్టనీ. లెక్కలైనా వస్తాయి."

కరస్పాండెంటు పకపకా నవ్వాడు. అతను నవ్వితే ఖర్చు ఒప్పుకునే మూడ్‌లో లేడని అర్థం.

"భగవద్గీతను డబ్బులిచ్చి కొన్న ఇల్లు నాకొకటి చూపించమ్మాయ్," అన్నాను. "పన్నెండో రోజు భోజనానికి వెళ్తే తాంబూలంతో పాటు చేతిలో పెడుతున్నారు. చర్చి వాళ్ళు బైబిల్ ఊరికే ఇస్తారు. గంటలూ, పళ్ళేలూ లేని ఇల్లుందా ఈ కోనసీమలో?"

"ఆయ్, నిజమే పిన్నీ," అన్నాడు కరస్పాండెంటు. "మా ఇంట్లోనే తొమ్మిది గీతలున్నాయి. ఒక్కటీ విప్పలేదు."

"అది కాదండి," అంది ఆవిడ. "పిల్లలందరి దగ్గరా ఒకే అనువాదం ఉండాలండి. పైగా ఇళ్ళల్లోవైతే..."

"దేవుళ్ళకి తాళమెందుకూ, పారిపోతారా?" అని నేనే బీరువాను మొదట కొట్టేశాను. ఎర్ర పెన్ను నా దగ్గరే ఉంటుంది. ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. నేను ఆపాననుకుంటాను.

తీర్మానం ఇలా రాశారు: గౌరవ సభ్యురాలి సూచన మేరకు, సదరు గ్రంథములు, వస్తువులు కొనుగోలు చేయక, తల్లిదండ్రుల నుండి ఉచితముగా సేకరించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. గౌరవ సభ్యురాలంటే నేనే. ఇంటికెళ్ళి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

వాట్సాప్‌లో ప్రకటన పెట్టారు. "మీ ఇళ్ళలో ఉన్న పవిత్ర గ్రంథాలు, పూజా వస్తువులు మా పాఠశాలకు అందజేయగలరు." రాసింది ప్రిన్సిపాల్ గారు, రాయించింది నేను. ఏవి అని రాయలేదు, ఎలాంటివి అని రాయలేదు. ఊరికే ఇచ్చేవాడికి షరతులేమిటని నేనే వద్దన్నాను.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మన ఇళ్ళల్లో చిన్న మూల విరిగిన విగ్రహాన్ని పూజలో ఉంచుకోరు. అలాగని చెత్తలో వెయ్యరు. పటానికి అద్దం పగిలినా అంతే. లక్ష్మీదేవి బొమ్మున్న కేలండర్‌ను కొత్త ఏడాది వచ్చాక ఏం చెయ్యాలో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. బీరువా వెనకా, అటక మీదా, నూతి గట్టు పక్కనా పెట్టి, ఎప్పుడో గోదావరికి వెళ్ళినప్పుడు వదలొచ్చని ఏళ్ళ తరబడి చూస్తూంటారు. అలాంటి కోనసీమకు నేను ఒక చోటు చూపించాను. అదీ తోటలో, రోడ్డు పక్కన, ఉచితంగా.

సోమవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి గేటు దగ్గర ఆటోలు. ముక్కు పోయిన వినాయకుడు, చెయ్యి లేని కృష్ణుడు, నెమలి ఎగిరిపోయి ఒక్కడే మిగిలిన సుబ్రహ్మణ్యస్వామి. చెదలు తిన్న రామాయణం, అరణ్యకాండ నుంచి మొదలు. కేలండర్లయితే కట్టలు కట్టలు, కింద ఎరువుల షాపు పేర్లతో. పెళ్ళిలో బహుమతిగా వచ్చిన ఒకేలాంటి వెంకటేశ్వరస్వాములు పదకొండు. మా స్కూల్లో పిల్లలు లేనివాళ్ళు కూడా వచ్చారు. ఐనవిల్లి నుంచి ఒకావిడ మామగారి రుద్రాక్షలు, పాదుకలు, ఆయన చదివిన పంచాంగాలు అన్నీ గోనెసంచీలో తెచ్చింది.

"మా మావయ్యగారి వస్తువులండి. ఇంట్లో ఉంచుకుంటే కలలోకొస్తున్నారండి," అంది.

"ఇక్కడికొస్తే పిల్లల కలలోకి రారూ?" అన్నాను.

"స్కూలు కదండి, చదువుకున్నవాళ్ళకి రారండి," అని ఆటో ఎక్కేసింది.

గీతలు మాత్రం నేననుకున్నట్టే వచ్చాయి, ముప్పై రెండు. అన్నీ అరచేయంత. వెనక అట్ట మీద పోయినవాళ్ళ ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆరో తరగతిలో పంచిపెడితే ఒక పిల్లకు వాళ్ళ తాతయ్యే వచ్చాడు. ఆ పిల్ల ఏడ్చింది. ఆ పూట కర్మ సిద్ధాంతం పాఠం జరగలేదు.

చర్చి వాళ్ళు పెట్టె నిండా ఇచ్చారు, పాపం. అందులో కొత్త నిబంధన ఒక్కటే ఉంది. ఆవిడకు కావలసిన పాఠం సృష్టి గురించి, అది పాతదాంట్లో ఉందట. నమాజు చాప కూడా వచ్చింది. ఒక కొబ్బరి వ్యాపారి కొడుక్కి కువైట్‌లో ఒకే గదిలో ఉండే స్నేహితుడు ఇచ్చాడట. వీళ్ళు దాన్ని ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద వేసుకున్నారు. ఐస్‌ వాటర్ సీసా పెట్టిన మరక గుండ్రంగా అలాగే ఉంది.

బీరువా లేదు కదా, నేనే కొట్టేశాను. అన్నీ ఆ డిపార్ట్‌మెంటు గదిలో బెంచీల మీద పేర్చారు. మర్నాటికి ఊడ్చే ఆయమ్మ ఆ గది ఊడవనంది.

"అంతమంది దేవుళ్ళ మధ్య చీపురెట్టుకు తిరగమంటారా అమ్మగారండీ? నా వల్ల కాదండి."

ఊడవలేదు గానీ గుమ్మానికి పసుపు రాసింది. నాలుగు మందారాలు పెట్టింది. సాయంత్రం దీపం వెలిగించింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పిల్లలు చెప్పులు బయట విప్పి లోపలికి రావడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి అమ్మలు పిల్లల్ని దింపి, ఆ గది ముందు ఒక దండం పెట్టుకుని వెళ్తున్నారు. విదేశీ సిలబస్‌లో ఈ పాఠం ఏ పేజీలో ఉందో నాకు తెలీదు.

ఆ వారంలోనే మెయిన్‌రోడ్డులో కుట్టుపని చేసే ఒకాయన వచ్చాడు. వాళ్ళబ్బాయి ఎనిమిదో తరగతి. ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఖురాన్‌ను గుండెకు ఆనించి పట్టుకున్నాడు. పంతులమ్మ క్లాసులో ఉంది, గది దగ్గర నేనున్నాను.

"కొత్తదేనండి మామ్మగారూ. తెలుగులో అర్థం ఉందండి. మా వాడు అడిగాడండి, మన పుస్తకం లేకుండా పాఠం ఎలాగ నాన్నా అని." గదిలోకి చూశాడు. "ఎక్కడ పెడతారండీ?"

నేనూ చూశాను. కేలండర్ల కట్ట మీద కొంచెం చోటుంది. పక్కన హారతి కర్పూరం. కింద గోనెసంచీలో పాదుకలు.

"ఇదిగో, ఇక్కడే, అందరితో పాటు," అన్నాను.

ఆయన నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. "చోటు కుదిరేక కబురెట్టండి మామ్మగారూ, నేనే తెస్తానండి," అని గుడ్డ సర్దుకుని, వచ్చినంత మర్యాదగానూ వెళ్ళిపోయాడు.

నాకు సిగ్గు అలవాటు లేదు. అందుకని అదేమిటో తెలుసుకోవడానికి కాస్త టైము పట్టింది. ఇంటికెళ్ళి ఆవిడ ఉత్తరం కాపీ తీసి, ఈసారి ధరల గడి వదిలేసి చదివాను, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం. మూడో పేజీలో రాసే ఉంది. వస్తువులు కొత్తవే కావాలి, పూజలో ఉన్నవి వద్దు. ఒకసారి పూజ జరిగిన వస్తువును పిల్లలు అటూ ఇటూ తిప్పి చూడడం ఆ ఇంటివారికి కష్టంగా ఉంటుంది, పిల్లలకూ భయం. ఒక మతం వస్తువు మీద ఇంకో మతం వస్తువు పెట్టకుండా వేరు వేరు అరలు కావాలి. ఖురాన్ పై అరలో ఉండాలి, దాని మీద ఏదీ పెట్టకూడదు. బీరువా కొనలేకపోతే మిగిలినవేవీ కొనకపోయినా పర్వాలేదు. ఈ మాట కింద గీత కూడా గీసింది. అన్నీ వదిలేసి ఆ బీరువానే నేను మొదట కొట్టేశాను. ఎర్ర పెన్నుతో.

శనివారం అత్యవసర మీటింగ్ పెట్టారు. కొందరు తల్లిదండ్రులు ఫోన్లు చేశారు. స్కూల్లో గుడి కట్టారట కదా, మా పిల్లలతో దీపాలు పెట్టిస్తున్నారట కదా అని. ఇంకొందరు చేసింది రివర్సు ఫోను: దేవుడి పటాల మీద దుమ్ము పట్టిస్తున్నారట కదా అని. రెండూ నిజమే.

ప్రిన్సిపాల్ గారు నవ్వుతూనే మొదలుపెట్టారు. "సబ్జెక్ట్ మంచిదేనండి. కానీ మేడమ్ గారు గది మేనేజ్ చేసుకోలేకపోయారు. దసరా నుంచి ఆ పీరియడ్స్ మేథ్స్‌కి ఇచ్చేద్దాం."

"అంతేనండి," అన్నాడు కరస్పాండెంటు. "ఏమ్మా, ఇంత సామాను వస్తూంటే వద్దని చెప్పద్దూ? ఫీజు కట్టేవాళ్ళు అడుగుతుంటే నేనేం చెప్పాలి?"

ఆవిడ బల్ల చివర నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. బల్ల మీద మినిట్స్ బుక్ వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఉద్యోగం పోతున్నా, కూతురి సీటు పోతున్నా, తోట ఇచ్చినవాళ్ళ పేరు చెప్పకూడదని కాకినాడలోనూ తెలుసన్న మాట.

నేను మాట్లాడకపోతే అక్కడితో అయిపోయేది. నిజం చెప్పాలంటే అలాగే కానిద్దామని ఒక్క నిమిషం అనిపించింది కూడా. అరవై ఏళ్ళు పొదుపరినని పేరు తెచ్చుకున్నదాన్ని, ఒక్క పూటలో దండగమారిదాన్ని అనిపించుకోవడం ఎవరికిష్టం?

"జూలై తీర్మానం చదవండి," అన్నాను.

"ఇప్పుడెందుకు పిన్నీ అది?"

"నేను చదువుతాను ఇలా పడెయ్."

పుస్తకం లాక్కుని పైకి చదివాను. గౌరవ సభ్యురాలి, సూచన, మేరకు. నా చదువుకు 'ఏకగ్రీవముగా' దాటడం కష్టమే, అయినా దాటాను. "ఈ గౌరవ సభ్యురాలు ఎవర్రా?" అని అడిగాను. కరస్పాండెంటు ఫ్యాన్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ గారు నవ్వడం మానేశారు. ఆయన ముఖం నవ్వకుండా ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను, నవ్వే నయం.

"సరుకు పోయించింది నేను. బీరువా కొట్టేసింది నేను. ఆవిడ రాసిన ఉత్తరంలో ఇలా జరుగుతుందని మూడో పేజీలో ఉంది. మీరిద్దరూ ఎమ్మేలు చదివేరు కదా, మూడో పేజీ చదివేరా?"

ప్రిన్సిపాల్ గారు ఫైల్లో మూడో పేజీ వెతకడం మొదలుపెట్టారు.

"నాకంటే అంకెలే వచ్చు. మీకేమొచ్చింది?"

చాలాసేపు వాదించాం. ఫోన్లు చేసినవాళ్ళకి ఏం చెప్పాలని అతను, తప్పు మాదే, గది ఖాళీ చేస్తున్నాం అని చెప్పమని నేను. ఒక్కసారిగా అన్నీ కొనడానికి అతను ఒప్పుకోలేదు. ఈ ఏడాది పుస్తకాలూ, బీరువా. వస్తువులు వచ్చే జూన్‌లో. పీరియడ్లు మాత్రం ఎక్కడివక్కడే. ఆవిణ్ణి ఇంకో ఏడాది ఉంచుతున్నట్టు అదే తీర్మానంలో రాయించాను. "పిన్నీ, అది వేరే ఐటమ్" అన్నాడు. అయితే తోట కూడా వేరే ఐటమే అన్నాను. రాశారు.

అప్పుడు కూర్చోమన్నారు ఆవిణ్ణి. కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, వెంటనే కొటేషన్ల కాయితం తీసింది. "గడువు ఈ నెలాఖరు వరకేనండి. రేపే ఆర్డరివ్వాలండి," అంది. ఏడుస్తుందేమో, ఓదార్చాలేమో అని భయపడ్డాను. బతికాను.

గది ఖాళీ చెయ్యడం నా వంతు. ఇచ్చినవాళ్ళకి తిరిగిచ్చేద్దామని ఫోన్లు చేయించాను. ఒక్కరూ తీసుకోలేదు. "ఇంట్లోంచి వెళ్ళిన దేవుణ్ణి మళ్ళీ లోపలికి తేకూడదండి మామ్మగారూ" అని అందరిదీ ఒకే మాట. ఇంత శాస్త్రం వీళ్ళకి ఎప్పుడొచ్చిందో. రామాయణం పేజీలనూ, విగ్రహాలనూ ఏం చెయ్యాలో గుళ్ళో పంతులుగారిని అడిగాను. పటాలకు అద్దాలూ, మేకులూ ఊడదీసి, బొమ్మలు వేరు చేసి, పారే నీళ్ళలో వదలమన్నారు. నేనూ, ఆయమ్మా రెండు రోజులు మేకులు ఊడదీశాం. పదకొండు వెంకటేశ్వరస్వాములూ చెక్కుచెదరలేదు కాబట్టి బస్సు డ్రైవర్లకీ, వంటవాళ్ళకీ ఇచ్చాను. నమాజు చాపను ఉతికించి మసీదుకు పంపాను, మరక ఉందని ముందే చెప్పి. ఆటో వాడు గౌతమి గోదావరి దాకా రెండు ట్రిప్పులకు ఎంత తీసుకున్నాడో రాయను. బీరువా ధర నాకు గుర్తుంది, ఇదీ గుర్తుంటుంది.

రెండో ట్రిప్పులో ఆయమ్మ నా పక్కన గోనెసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈయనెవరండీ అమ్మగారూ?"

"ఐనవిల్లి ఆవిడ మామగారు."

"ఈయన మన కలలోకొస్తారేమోనండీ?"

"రమ్మను. ఆటో డబ్బులడుగుతాను."

బీరువా దసరా సెలవుల తరవాత వచ్చింది. పుస్తకాలు సర్దుతూండగా ఆవిడ నన్ను రమ్మంది. పై అరలో ఖురాన్ల పక్కన కాస్త చోటు ఖాళీగా వదిలింది. కుట్టుపని ఆయనకి కబురు పెట్టారు, ఆయన తన పుస్తకాన్ని తనే తెచ్చి, తన చేత్తో పెట్టాడు. ఖురాన్లు అయిదే కొన్నారు కాబట్టి ఆరోది అదే. నేను దూరంగా నిలబడ్డాను. నన్నెవరూ అందుకోమనలేదు, అడక్కపోవడమే మంచిది.

వెళ్ళబోతూంటే ఆవిడ వచ్చే ఏడాది వస్తువుల ఉత్తరం ముసాయిదా నా చేతికిచ్చింది. పాత గళ్ళే. కింద కొత్తగా ఒక వాక్యం చేర్చింది: సదరు వస్తువులను కమిటీ సభ్యులు స్వయముగా సేకరించరాదు.

"సభ్యులంటే ఎంతమందే?" అన్నాను.

"ఒక్కరేనండి మామ్మగారూ," అంది.

"అయితే సభ్యురాలు అని రాయి. ఎందుకు అందరినీ అనడం," అని మూడు పేజీలూ చదివి సంతకం పెట్టాను.